ఫోటోలో వచ్చిన పెళ్లి చీటీ: పద్దుల వారీగా కూడితే ఏం తేలుతుంది

(డ్రోహెడాలో మన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఒకే ఒక్క కాగితం గురించి మాట్లాడుకుందాం. ఇక్కడ కూర్చున్న చాలామంది ఫోన్లలో అలాంటి ఫోటో ఒకటి ఉండే ఉంటుంది. చెల్లి పెళ్లి కుదిరిందని ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. రెండు రోజులకు నాన్న నోటుబుక్కులో చేత్తో రాసిన ఖర్చుల చీటీ ఫోటో వాట్సాప్‌లో వస్తుంది. కింద మొత్తం వేసి ఉంటుంది. "లోపలే ఉంది బిడ్డా, నువ్వేం రంది పెట్టుకోకు" అని ఒక వాయిస్ మెసేజ్ కూడా ఉంటుంది. నైట్ డ్యూటీ దిగి బస్సులో వస్తూ ఆ ఫోటో చూస్తాం, కింద ఉన్న అంకె చూస్తాం, సరేనంటాం. పెళ్లి ఇంక పదిహేను రోజులుందనగా ఇంకో ఫోన్ వస్తుంది. రెండు లక్షలో రెండున్నర లక్షలో తక్కువ పడ్డాయి, ఎక్కడన్నా సర్దమని. అప్పటికి మన చేతిలో టైమ్ ఉండదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాం.

ఆ రెండున్నర లక్షలు పెళ్లికి పదిహేను రోజుల ముందు పుట్టినవి కావు. ఫోటో వచ్చిన నాడే అందులో ఉన్నాయి. వాటిని ఆ రోజే ఎలా చూడాలో చెప్పడమే ఈ మాటల పని.

దీని కోసం మేము ఒక చీటీ తయారు చేసుకున్నాం. ఇది ఏ ఒక్క ఇంటిదీ కాదు. ఉత్తర తెలంగాణ వైపు ఆడపిల్ల తరఫు చీటీ ఎలా ఉంటుందో అలాగే, అందులో మామూలుగా వచ్చే చిక్కులన్నీ ఉండేలా రాసుకున్నాం. ధరలు కూడా లెక్క కోసం వేసుకున్నవే. మీ ఊళ్లో వేరుగా ఉండొచ్చు, కానీ పద్ధతి అదే. ఈ ఇంటి వాళ్లు పెట్టుకున్న హద్దు 12 లక్షలు. కొడుకు ఇక్కడ నర్సింగ్ హోమ్‌లో కేర్ అసిస్టెంట్ అనుకోండి. నాన్న వేసిన మొత్తం 11,41,884 రూపాయలు. అంటే హద్దుకు యాభై ఎనిమిది వేలు లోపలే. చూడ్డానికి బాగానే ఉంది.

ముందు ఫోటో సంగతి. మడత మీద ఉన్న అంకె, నీడ పడిన అంకె, అంచున తెగిపోయిన అంకె, ఈ మూడూ మనల్ని ముంచుతాయి. కాగితాన్ని నేల మీద పరిచి, పగటి వెలుతురులో, నిట్టనిలువుగా పైనుంచి తియ్యమనండి. పేజీకి ఒక ఫోటో. వెనక పేజీలో రాత ఉందా అని తప్పకుండా అడగండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే సైజు తగ్గి అక్షరాలు అలుక్కుపోతాయి, అందుకే డాక్యుమెంట్‌గా పంపమనండి. ఇంకో మాట. ఆ చీటీలో బంగారం ఎంతో, ఇల్లు ఏ రోజు ఖాళీగా ఉంటుందో రెండూ ఉంటాయి. దాన్ని గ్రూపుల్లో పెట్టొద్దు.

ఫోటో రాగానే కూడడం మొదలుపెట్టకండి. ముందు ఎత్తి రాసుకోండి. ఒక కాగితం మీద పైనుంచి కిందికి, ఒక్కో లైనుకు ఒక్కో నంబరు వేసి, చీటీలో ఎలా ఉందో అలాగే. అంకె పక్కన ఒక గుర్తు పెట్టండి. స్పష్టంగా ఉంటే టిక్కు, అనుమానం ఉంటే ప్రశ్న గుర్తు, అంకే లేకపోతే సున్నా చుట్టండి. చివర్లో ఫోటోలో లైన్లెన్ని, మీ కాగితంలో లైన్లెన్ని అని లెక్కపెట్టండి. రెండూ ఒకటి కాకపోతే ఏదో లైను దాటేశారన్న మాట.

మన చీటీ ఇదిగో. మొదటి పేజీలో పది లైన్లు.

1. బంగారం 3 తులాలు: 3,60,000
2. వెండి: 28 వేలు
3. అమ్మాయి చీరలు: 65,000
4. పిల్లగాని బట్టలు: 25,000
5. ఇంటోళ్ల బట్టలు: 48,000
6. చుట్టాలకు పెట్టే బట్టలు: 40,000
7. ఫంక్షన్ హాల్: 1,20,000
8. హాల్ అడ్వాన్స్ ఇచ్చినం: 20,000
9. మండపం, డెకరేషన్: 75,000
10. లైటింగ్, జనరేటర్: 18,000

కింద "మొదటి పేజీ 7,99,000" అని ఉంది. రెండో పేజీ పైన మళ్లీ అదే అంకె ఎత్తి రాసి, దాని కింద మిగతావి.

11. భోజనాలు: 600 – 350
12. పెళ్లైనంక దావత్: 90,000
13. ఎదుర్కోలు టిఫిన్లు, చాయ్: 15,000
14. నీళ్ల క్యాన్లు, గ్లాసులు: 8,000
15. ఫోటోలు, వీడియో: 70,000 (లేక 10,000)
16. బ్యాండ్: 25,000
17. డీజే, బరాత్ బండి: ,,
18. పంతులు: 11,000
19. పత్రికలు: 12,000
20. బస్సు: 22,000
21. మంచం, పరుపు, బీరువా: 60,000
22. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గిన్నెలు: 75,000
23. మేకప్, మెహందీ: 15,000
24. చుట్టాలకు రూములు: (ఖాళీ)
25. పైఖర్చులు: 40,000
26. కల్యాణలక్ష్మి: 1,00,116

ఇందులో చాలా లైన్లతో ఏ పేచీ లేదు. ఆరు లైన్ల దగ్గర మాత్రం ఆగాలి. ఆరూ ఆరు రకాలు.

ఎనిమిదో లైను, హాల్ అడ్వాన్స్. హాల్ కిరాయి 1,20,000 అని ఏడో లైనులోనే ఉంది. ఇచ్చిన ఇరవై వేలు అందులో భాగమే. నాన్న చేతిలోంచి డబ్బు పోయింది కాబట్టి గుర్తుకోసం రాసుకున్నాడు, కూడేటప్పుడు దాన్నీ కలిపేశాడు. అడ్వాన్సు అనేది ఖర్చు కాదు, ఖర్చులో తీరిన భాగం. దాన్ని పక్కన రాసుకోండి, కూడికలోకి రానివ్వకండి. అయితే ఒక్క ప్రశ్న అడగాలి: "లక్షా ఇరవై అంటే అడ్వాన్సుతో కలిపా, అడ్వాన్సు పోగానా?" మన చీటీలో కలిపే అనుకుందాం.

పదకొండో లైను, భోజనాలు. "600 – 350" అని మాత్రమే ఉంది. ఆరు వందల మంది, ప్లేటు మూడు వందల యాభై. గుణించి పక్కన వెయ్యలేదు. క్యాటరింగ్ ఆయనతో ఇంకా బేరం నడుస్తోంది, ఖాయం అయ్యాక వేద్దాంలే అని వదిలేసి ఉంటాడు. అంకె లేదు కాబట్టి మొత్తంలోకి రాలేదు. 600 ను 350 తో గుణిస్తే 2,10,000. చీటీలో బంగారం తర్వాత అన్నింటికన్నా పెద్ద ఖర్చు ఇదే, అదే లెక్కలో లేదు. చేతిరాత చీటీలో పెద్ద పొరపాట్లు కూడికలో కన్నా ఇలా గుణించకుండా వదిలేసిన లైన్లలోనే దొరుకుతాయి. ఫోటో చూడగానే ముందు "ఇంతమంది, ఇంత రేటు" అని ఉన్న లైన్లు వెతకండి.

పదిహేనో లైను, ఫోటోలు. అంకె మడత మీద పడింది. ఏడా, ఒకటా తెలియడం లేదు. ఒకటి అనుకుంటే పది వేలు, ఏడు అనుకుంటే డెబ్బై వేలు. మధ్యలో అరవై వేల తేడా. ఇలాంటి చోట తోచింది వేసుకోవద్దు. ప్రశ్న గుర్తు పెట్టి ఫోన్‌లో అడగండి. అడిగేటప్పుడు అంకెలుగా కాకుండా మాటల్లో చెప్పించుకోండి. "ఫోటోలకు ఎంత రాసినవ్ బాపూ?" అంటే "డెబ్బై వేలు" అంటాడు. అక్కడికి తేలిపోయింది. ఇలాగే 65,000/- అని చివర గీత కొడితే ఆ గీత ఒకటిలా కనిపించి 6,50,001 అనిపిస్తుంది. "28 వేలు"లో వేలు అన్న మాట అలుక్కుపోతే ఇరవై ఎనిమిది రూపాయలే మిగులుతుంది. వెండికి ఇరవై ఎనిమిది రూపాయలు ఉండవు కాబట్టి దొరికిపోతుంది. కానీ ఫోటోలకు పది వేలు ఉండొచ్చు కాబట్టి అది దొరకదు. నమ్మేలా ఉన్న తప్పే ప్రమాదం.

పదిహేడో లైను, డీజే. అంకె బదులు రెండు చిన్న గీతలున్నాయి. పైన ఉన్నదే ఇక్కడా అని అర్థం, అంటే 25,000. నాన్న కూడేటప్పుడు అంకెల మీదే చూపు పోనిచ్చాడు, గీతలు దాటిపోయాయి.

ఇరవై నాలుగో లైను, రూములు. ఖాళీ. ఖాళీ అంటే సున్నా కాదు, "ఇంకా తెలియదు" అని. మనం కూడా అంకె వెయ్యం, కానీ లైను కొట్టెయ్యం. అది చివరిదాకా మన కళ్ల ముందు ఉండాలి.

ఇరవై ఆరో లైను, కల్యాణలక్ష్మి. ఇది ఖర్చే కాదు, రాబడి. నాన్న దాన్ని మొత్తంలోంచి తీసేశాడు. తెలంగాణ ప్రభుత్వం ఆడపిల్ల పెళ్లికి ఇచ్చే 1,00,116 రూపాయలు అర్హత ఉన్న ఇంటికి నిజంగానే పెద్ద ఆసరా. కానీ దానికి కుటుంబ ఆదాయ పరిమితి ఉంది, దరఖాస్తు ఉంది, విచారణ ఉంది, ఆ తర్వాతే చెక్కు. హాల్ ఆయనకు, క్యాటరింగ్ ఆయనకు డబ్బు పెళ్లి నాటికి కట్టాలి. చేతికి రాని డబ్బును ఖర్చులోంచి తీసేస్తే ఖర్చు తగ్గినట్టు కనిపిస్తుంది, తగ్గదు. వచ్చిన రోజు అప్పు తీర్చుకోవడానికి పనికొస్తుంది. అందుకే దాన్ని వేరే కాగితం మీద, రాబడి కింద రాసుకుందాం.

ఇప్పుడు నాన్న మొత్తాన్ని సరిచేద్దాం. 11,41,884కి తీసేసిన కల్యాణలక్ష్మి తిరిగి కలిపితే 12,42,000. రెండుసార్లు పడిన అడ్వాన్సు ఇరవై వేలు తీసేస్తే 12,22,000. గీతల దగ్గర పోయిన డీజే పాతిక వేలు కలిపితే 12,47,000. భోజనాలు రెండు లక్షల పది వేలు కలిపితే 14,57,000.

అసలు మొత్తం పద్నాలుగు లక్షల యాభై ఏడు వేలు. యాభై ఎనిమిది వేలు మిగులుతాయనుకున్న చోట, హద్దు దాటి రెండు లక్షల యాభై ఏడు వేలు ఎక్కువ. యూరోకు వంద రూపాయల లెక్కన 2,570 యూరోలు. ఇక్కడ అద్దె, తిండి, ఇంటికి పంపేది పోగా నెలకు మూడు వందలు మిగిలే మనిషికి దాదాపు తొమ్మిది నెలల మిగులు. అదే ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 5,140, ఏడాదికి 61,680 వడ్డీయే అవుతుంది. అసలు అలాగే ఉంటుంది.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. "రెండున్నర లక్షలు ఎక్కువైంది" అని ఇంటికి ఫోన్ చేస్తారు. అప్పుడు ఏమవుతుందో మనందరికీ తెలుసు. అమ్మ బంగారం తగ్గిద్దామంటుంది, నాన్న ఒప్పుకోడు, చెల్లి మాట్లాడకుండా లోపలికి పోతుంది. మొత్తం అంకె ఎంత దాటిందో చెబుతుంది గానీ, ఎక్కడ దాటిందో చెప్పదు. అది తెలియాలంటే పద్దులు విడదియ్యాలి.

ఈ ఇంట్లో నాన్నను అడిగితే పన్నెండు లక్షలు ఎలా అనుకున్నారో చెప్పాడు అనుకుందాం. బంగారం, వెండికి మూడున్నర లక్షలు, బట్టలకు లక్షన్నర, హాలు, అలంకారానికి రెండు లక్షలు, భోజనాలకు రెండున్నర లక్షలు, సామాన్లకు లక్ష, మిగిలినవాటికి లక్షన్నర. కూడితే సరిగ్గా పన్నెండు. ఈ ముక్క చీటీలో ఉండదు, నాన్న మనసులో ఉంటుంది. ఫోన్‌లో అడిగి రాసుకోవాలి. ఇప్పుడు ప్రతి లైనుకూ ఒక పద్దు పేరు పెట్టి, పద్దు వారీగా కూడదాం.

బంగారం, వెండి (1, 2): హద్దు 3,50,000. చీటీలో 3,88,000. ఎక్కువ 38,000.
బట్టలు (3 నుంచి 6): హద్దు 1,50,000. చీటీలో 1,78,000. ఎక్కువ 28,000.
హాలు, అలంకారం (7, 9, 10): హద్దు 2,00,000. చీటీలో 2,13,000. ఎక్కువ 13,000.
భోజనాలు (11 నుంచి 14): హద్దు 2,50,000. చీటీలో 3,23,000. ఎక్కువ 73,000.
సామాన్లు (21, 22): హద్దు 1,00,000. చీటీలో 1,35,000. ఎక్కువ 35,000.
మిగిలినవి (15 నుంచి 20, 23, 25): హద్దు 1,50,000. చీటీలో 2,20,000. ఎక్కువ 70,000.

ఆరు పద్దుల మొత్తం 14,57,000. ఎక్కువలన్నీ కూడితే 2,57,000. లైన్ల వారీగా వచ్చిన మొత్తం, పద్దుల వారీగా వచ్చిన మొత్తం ఒకటే అయ్యాయి కాబట్టి ఏ లైనూ తప్పిపోలేదు, ఏ లైనూ రెండు పద్దుల్లో పడలేదు. ఇలా రెండు దారుల్లో కూడడం తప్పనిసరి. రెండింటికీ తేడా వచ్చి, ఆ తేడాను 9తో భాగిస్తే శేషం లేకుండా పోతే, ఎక్కడో రెండు అంకెలు తారుమారయ్యాయేమో చూడండి. 48,000ని 84,000 అని ఎత్తి రాస్తే తేడా 36,000. అది తొమ్మిదితో పోతుంది. సున్నా ఒకటి జారిపోయినా అంతే. మిగతా చోట్ల తొమ్మిదితో పోవడం కాకతాళీయం కావచ్చు, కానీ వెతకడం అక్కడి నుంచి మొదలుపెడితే త్వరగా దొరుకుతుంది.

ఇప్పుడు ఆ ఆరు లైన్లు మళ్లీ చూడండి. ఇంట్లో గొడవ బంగారం మీద. బంగారంలో ఎక్కువైంది ముప్పై ఎనిమిది వేలు. భోజనాలు, మిగిలినవి, ఈ రెండు పద్దుల్లోనే లక్షా నలభై మూడు వేలు ఎక్కువైంది. మొత్తం ఎక్కువలో సగం పైనే. "మిగిలినవి" పద్దులో ఎనిమిది లైన్లున్నాయి. ఫోటోలు తప్ప ఒక్కటీ పెద్దది కాదు, ఏ ఒక్కదాన్నీ ఎవరూ పట్టించుకోరు. అన్నీ కలిస్తే లక్షన్నర అనుకున్నది రెండు లక్షల ఇరవై వేలైంది. చిన్న లైన్లు విడివిడిగా చూస్తే ఎప్పుడూ దొరకవు, ఒక పద్దు కింద నిలబెడితేనే దొరుకుతాయి.

"ఎక్కడ దాటింది" అన్న ప్రశ్నకు ఇంకో తప్పుడు జవాబు కూడా ఉంది. పైనుంచి కిందికి కూడుతూ పోతే బ్యాండ్ దగ్గరికి 11,97,000 అవుతుంది, డీజే కలపగానే 12,22,000. పన్నెండు లక్షలు దాటింది డీజే దగ్గర. అంటే డీజే వల్ల దాటిందా? కాదు. నాన్నకు డీజే పదిహేడోది గుర్తొచ్చింది, అంతే. మంచం, బీరువా ముందు గుర్తొచ్చి ఉంటే వేరేచోట దాటేది. రాసిన వరసను బట్టి తప్పు పట్టొద్దు. పద్దు హద్దును బట్టి చూడాలి.

ఫోన్‌లో గూగుల్ షీట్స్ వాడేవాళ్లు మొదటి గడిలో ఖర్చు పేరు, రెండో గడిలో అంకె, మూడో గడిలో పద్దు పేరు వేసుకుంటే పద్దు మొత్తం దానంతట అదే వస్తుంది. భోజనాల మొత్తానికి ఇలా రాయాలి:

```
=SUMIF(C2:C30,"భోజనాలు",B2:B30)
```

రెండు జాగ్రత్తలు. పద్దు పేరు ప్రతిచోటా అచ్చంగా ఒకేలా ఉండాలి. ఒకచోట "భోజనాలు", ఇంకోచోట "భోజనం" అని రాస్తే రెండోది లెక్కలోకి రాదు. అలాగే అంకె గడిలో 65000/- అని గానీ "28 వేలు" అని గానీ రాస్తే దాన్ని అక్షరాలుగా తీసుకుని, చెప్పకుండా వదిలేస్తుంది. గుర్తుపట్టడం తేలికే. మీరు ఏమీ మార్చకపోతే నిజమైన అంకెలు గడిలో కుడివైపుకు ఆనుకుంటాయి, అక్షరాలు ఎడమవైపుకు. ఎడమకు ఆనుకున్న అంకె కనిపిస్తే సరిచెయ్యండి. కాగితం, కాలిక్యులేటర్‌తో చేసేవాళ్లకు ఈ బాధే లేదు.

చీటీలో అసలు లేని ఖర్చు గురించి కూడా చెప్పాలి. మూడు తులాలకు 3,60,000 అని రాశారంటే తులం లక్షా ఇరవై వేల లెక్క. ఇప్పుడు షాపుల్లో తులమంటే పది గ్రాములు. కోస్తా వైపు వాళ్లు కాసుల్లో చెబితే కాసు ఎనిమిది గ్రాములు, అది గుర్తుంచుకోండి. ఈ 3,60,000 బంగారం ధర మాత్రమేనా, నగ ధరా అని అడగాలి. బంగారం ధర మాత్రమే అయితే తరుగు, మజూరీ దాని మీద పడతాయి, ఆపైన 3 శాతం జీఎస్టీ. తరుగు, మజూరీ కలిపి నూటికి పది అనుకుంటే 36,000. రెండూ కలిపిన 3,96,000 మీద జీఎస్టీ 11,880. అంటే ఇంకో 47,880 రూపాయలు. పాత బంగారం ఇచ్చి మార్చుకుంటుంటే లెక్క మళ్లీ మారుతుంది. దీన్ని మొత్తంలో కలపకండి, ఎందుకంటే నాన్న అలా రాయలేదు. ఖాళీగా ఉన్న రూముల లైను పక్కన, "అడగాల్సినవి" అని వేరుగా రాయండి. చీటీలో ఉన్నది వేరు, మనం ఊహించింది వేరు. రెండూ కలిపేస్తే ఇంట్లోవాళ్లు మన లెక్కను నమ్మరు.

సామాన్ల పద్దు గురించి ఒక్క మాట. మంచం, బీరువా, ఫ్రిజ్ మనం మన పిల్లకు ఇష్టంతో ఇచ్చేవైతే సరే. అవతలివాళ్లు అడిగితే పెట్టిన లైను అయితే అది బడ్జెట్ సంగతి కాదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం తీసుకోవడమూ నేరమే, ఇవ్వడమూ నేరమే. ఇష్టంతో ఇచ్చిన కానుకలకు కూడా జాబితా రాసి ఉంచాలని 1985 నాటి నియమాలు చెబుతున్నాయి. ఏ వస్తువు, సుమారు విలువ ఎంత, ఎవరిచ్చారు అని. సామాన్ల పద్దు, బంగారం పద్దు విడిగా రాసుకుంటే ఆ జాబితాకు సగం పని అయినట్టే. ఆ కాగితం మీ చెల్లి దగ్గర ఒక ప్రతి ఉండనివ్వండి.

ఇప్పుడు ఇంటికి చెప్పడం. నాన్న రాత్రి కూర్చుని, ఒక్కొక్కరినీ ధరలు అడిగి రాసిన చీటీ అది. "నీ లెక్క తప్పు" అని మొదలుపెడితే మాట అక్కడే తెగుతుంది. నైట్ డ్యూటీ దిగి పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేస్తే అక్కడ చలికాలంలో మధ్యాహ్నం ఒకటిన్నర, ఎండాకాలంలో పన్నెండున్నర. పెద్దాయన ఇంట్లో ఉండే టైమే. చీటీ చేతిలో పెట్టుకోమని చెప్పి, లైను నంబరుతో మాట్లాడండి.

"బాపూ, పదకొండో లైన్ల ఆరు వందల మంది, మూడు వందల యాభై అని రాసినవ్. గుణించి పక్కకు ఎయ్యలే. అది మొత్తంల కలిసిందా?"

ఆయన చూసుకుంటాడు. తనే "లేదురా, అది కలవలే" అంటాడు. తన నోటితో వచ్చిన మాటకు గొడవ ఉండదు. అడ్వాన్సు, డీజే, కల్యాణలక్ష్మి, మూడూ ఇదే తీరున అడగండి. ఆ తర్వాత ఆరు పద్దుల కాగితం పెద్ద అక్షరాలతో రాసి, ఫోటో తీసి తిరిగి పంపండి. ఇరవై ఆరు లైన్లు పంపకండి, ఆరే పంపండి. హద్దు, చీటీలో ఉన్నది, ఎక్కువ, ఈ మూడు అంకెలు చాలు.

ఏది తగ్గించాలో మేము చెప్పం, అది మీ ఇంటి మాట. కానీ ఎక్కడ పట్టుకుంటే ఎంత కదులుతుందో మాత్రం లెక్క చెబుతుంది. గుణకారం ఉన్న లైను అన్నింటికన్నా ఎక్కువ కదులుతుంది. వంద ప్లేట్లు తగ్గితే ముప్పై ఐదు వేలు. ప్లేటు మీద ఇరవై రూపాయలు తగ్గిస్తే ఆరు వందల మందికి పన్నెండు వేలు. ఈ ఇంట్లో భోజనాలను రెండున్నర లక్షల లోపలికి తేవాలంటే డెబ్బై మూడు వేలు తగ్గాలి. పెళ్లి భోజనం ఐదు వందల మందికి చేస్తే ముప్పై ఐదు వేలు పోయాయి, మిగతా ముప్పై ఎనిమిది వేలు తొంభై వేల దావత్‌లో చూసుకోవాలి. లేదా దావత్ తగ్గించం, ఫోటోలు, డీజే తగ్గిస్తాం అనొచ్చు. లేదా ఏదీ తగ్గించం, హద్దే పద్నాలుగున్నర లక్షలకు పెంచుతాం అనొచ్చు. అదీ ఒక నిర్ణయమే. అప్పుడు కూడా ఆ రెండున్నర లక్షలు ఎక్కడి నుంచి, ఎవరి పేరు మీద, ఎంత వడ్డీకి అన్నది మూడు నెలల ముందే మాట్లాడుకునే వీలుంటుంది.

చివరగా ఒక చిన్న అలవాటు. బేరం తేలేకొద్దీ నాన్న కొత్త చీటీలు పంపుతూనే ఉంటాడు. ప్రతి ఫోటో మీద తేదీ వేయించండి. కొత్తది రాగానే పాతదాని మీద గీత కొట్టి దాచండి, పారెయ్యకండి. కొత్త చీటీలో లైన్లు ఇరవై ఆరు కాకుండా ఇరవై నాలుగే ఉంటే, పోయిన రెండు తగ్గించారా, మర్చిపోయారా అన్నది పాతది పక్కన పెడితేనే తెలుస్తుంది. రూముల లైను ఇంకా ఖాళీగానే ఉంటే మళ్లీ అడగండి.

చీటీలు ఉన్నవాళ్లు సమావేశం అయ్యాక వెనక బల్ల దగ్గరికి రండి. కాగితం, పెన్ను, కాలిక్యులేటర్ అక్కడ ఉన్నాయి. పేర్లు అడగం, ఫోటో తీసుకోం. మీ ఫోన్ మీ చేతిలోనే ఉంచుకుని, పక్కన కూర్చుని కలిసి కూడుదాం.